ఇరవై నాలుగు పుటల్ల కాశి

మా అత్తమ్మ మోకాళ్లు కాశి మెట్లు దిగేటివి కావు. ఆ సంగతి అందరికన్న ముందు ఆమెకే తెలుసు. ప్రయాణం ఖాయమైన నాడు, మూటలు కడుతున్న నన్ను పక్కకు పిలిచి, "నేను రాను బిడ్డా. నన్ను రైలెక్కిచ్చుడే కష్టం, ఇగ గంగల దించుడు ఎవరి తరం? మీరు పోయి మంచిగ చూసి రాండ్రి. నాకు గూడ తెచ్చి చూపియ్యిండ్రి" అన్నది. గంగనీళ్లు తెమ్మన్నంత సులువుగ కాశినే తెమ్మన్నది. చిన్నప్పటి నుంచి ఆమెకున్న కోరిక అదొక్కటే. నేను సరే అన్న.

మా ఇంటాయన మహబూబ్‌నగర్ బడిల పంతులు. ఆయన దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండె. ఒక్క ఫిల్ము చుట్టకు ఎనిమిది బొమ్మలు పడేటివి. ఆరు చుట్టలు తీసుకుని మామయ్య, ఆయన, నేను బయలెల్లినం. తిరిగొచ్చినంక హైదరాబాదుల కడిగిస్తే నలభై ఒక్క ఫొటోలు పనికొచ్చినయి. మిగిలినవాటిల్ల కొన్ని ఎండకు తెల్లబారినయి, రెండిట్ల మా ఆయన బొటనవేలు పడ్డది.

ఫొటోలను పుస్తకం చెయ్యాలన్న ఆలోచన నాదే. విడి ఫొటోలు చేతికిస్తే అత్తమ్మ ఒకటి ముందు, ఒకటి వెనుక చూసి, ఇదెక్కడిది, అదెక్కడిది అని అడుగుతది. ఆమెకు చదువు రాదు కాబట్టి కింద పేర్లు రాసినా లాభం లేదు. పుట తిప్పుతుంటే తోవ దానంతట అదే తెలవాలె. నాకు మా నాయిన ఇంట్లనే పలక మీద చదువు చెప్పిండు. పురాణం చదివేటప్పుడు ఎక్కడ ఆపితే వినేటోళ్లు "ఊఁ, తర్వాత?" అంటరో ఆయన దగ్గరనే నేర్చుకున్న. ఆ విద్య ఈ పనిల నాకు చానా అక్కరకొచ్చింది.

కచేరీ దఫ్తర్లను కుట్టి, అట్టలేసి జిల్దు కట్టే సాహెబు ఒకాయన ఉండె. మామయ్య కచేరీల నౌకరి చేసిన కాలం నుంచి మా ఇంటికి వచ్చిపోయేటోడు. పిలిపిస్తే అరుగు మీద కూసుండి, దళసరి నల్ల కాయిదం తెచ్చి చూపిచ్చిండు.

"పన్నెండు ఆకులు, అమ్మా. అంతే."

"ఇరవై చెయ్యరాదా?" అని నేను తలుపు సాటు నుంచే అడిగిన.

"చెయ్యొచ్చు. కాని ఫొటోలు అంటిచ్చినంక లోపల లావైతది, కుట్టు కాడి వీపు సన్నగనే ఉంటది. పుస్తకం నోరు తెరుచుకుని కూసుంటది. అందుకే ఆకుకు ఆకుకు నడుమ కుట్టు కాడ ఈ పట్టీ పెడత. పన్నెండుకే ఆ వీపు నిండుతది."

"పైన పేరేమన్న అచ్చొత్తాల్నా?" అని ఆయనే మళ్ల అడిగిండు. చదవని మనిషి కోసం పేరెందుకని, రెండు అట్టలు సాదా ఎర్ర బట్టతోనే కట్టుమన్న.

పన్నెండు ఆకులంటే ఇరవై నాలుగు పుటలు. ఒక పాత కాయిదాన్ని మడిచి ఉత్త పుస్తకం చేసి చూసుకున్న. మొదటి పుట ఒంటిది, చివరి పుట ఒంటిది, నడుమ పదకొండు జంటలు. పుస్తకం తెరిస్తే కంటికి రెండు పుటలు ఒక్కసారే అవుపడతయి కాబట్టి, ఎంచుకోవాల్సింది పుటలను కాదు, జంటలను. ఆ సంగతి తెలిసినంక పని తేలికైంది.

నడిమింట్ల చాప పరిచి ఫొటోలన్ని పేర్చిన. అత్తమ్మను అటు రానియ్యలే. మామయ్య మాత్రం వచ్చి కుర్చీ వేసుకుని కూసున్నడు. ఆయనకు ప్రతి స్టేషన్ల గొడుగు పట్టుకుని నిలబడి ఫొటో దిగే అలవాటు. కాజీపేటల గొడుగు, బల్లార్షాల గొడుగు, నాగపూర్ల గొడుగు, ఇటార్సిల గొడుగు.

"నాలుగు స్టేషన్లు ఒక్కతీరుగనే ఉన్నయి మామయ్యా. ఒకటి ఉంచుత" అన్న.

"స్టేషన్లు ఒక్కతీరుగుంటే నా తప్పా? నేనైతే వేరు వేరుగ నిలబడ్డ."

"మీ గొడుగు గూడ ఒక్కతీరుగనే ఉన్నది."

"నాగపూర్ల మూసి ఉన్నది, జర చూడు."

మూసిన గొడుగున్నదే ఉంచిన. ఆయన చానాసేపు తక్కిన మూడిటిని చేతుల్ల పట్టుకుని కూసుండి, చివరికి తన పెట్టెల దాసుకున్నడు.

తీసేసుడు కష్టమనుకున్న గాని, తీసేసిన కొద్ది మిగిలినవి మాట్లాడుడు మొదలుపెట్టినయి. మొదటి పుటల అత్తమ్మ గడపల హారతి పళ్లెం పట్టుకుని మమ్మల్ని సాగనంపుతున్న ఫొటో. తర్వాత జంటల ఎడమకు తోవల తినేటి సత్తుపిండి మూటతోని ఎద్దుల బండి, కుడికి మా ఊరి స్టేషను. గోదావరి వంతెనను దూరం నుంచి ఒకటి, కిటికీ కమ్ముల సందుల నుంచి ఒకటి, ఎదురెదురుగ పెట్టిన. రెండు దూరపువి పక్కపక్కన పెడితే కన్ను జారిపోతాంది. దూరానికి దగ్గర, మందికి ఒక్క మనిషి, ఎండకు నీడ, ఇట్ల కలిపిన. ప్రయాగకు రెండు జంటలిచ్చిన. కాశికి తొమ్మిది పుటలు పట్టినయి.

విశ్వనాథుని ఫొటో లేదు. గుడి లోపల కెమెరా పట్టుకునేది లేదు గద. ఆ పుట ఉత్తగ ఉంచి, అక్కడ దొరికిన మారేడుదళం ఒకటి ఎండబెట్టింది నడుమ అంటించిన. "ఒక పుట మొత్తం ఒక ఆకుకా? అండ్ల నా గొడుగులు రెండు పట్టేటివి" అని మామయ్య గొణిగిండు గాని, దండం పెట్టుకునే గొణిగిండు.

చివరి పుటకు, పడవ మీది నుంచి తీసిన పొద్దుపొడుపు గంగ. దాన్ని పెద్దగ చేయించినం, పుట నిండా వచ్చింది. అంతకన్న మంచి ముగింపు నాకు తోచలే. తిరుగు ప్రయాణం ఫొటోలు నాలుగు ఉండె. అన్ని అలసిన మొఖాలు, మాసిన బట్టలు. వాటికి పుటలియ్యాలంటే కాశివి తగ్గించాలె. మనసొప్పక వదిలేసిన.

మైదా గంజిల పురుగు పట్టకుండ జరంత మైలతుత్తం కలిపి, రెండు దినాలు అంటించిన. ఆరేదాక బియ్యం బస్తా కింద పెట్టిన.

శుక్రవారం పొద్దుగాల పూజైనంక అత్తమ్మ ఒడిల పుస్తకం పెట్టిన. ఆమె ఎంత మెల్లగ తిప్పిందో చెప్పలేను. ఒక్క మాట నేను చెప్పాల్సిన పని పడలే. "బండెక్కిన్రు. అగో, స్టేషను. ఇది గోదారే గద, ఎంత పొడుగున్నదో వంతెన" అనుకుంటనే పోయింది. నాగపూర్ల మామయ్యను చూసి, "ఎండల గొడుగు మూసుకుని నిలబడ్డడు, తెలివి" అన్నది. మారేడుదళాన్ని కండ్లకద్దుకున్నది. చివరి పుట కాడ గంగను చానాసేపు చూసి, ఇంకో పుట కోసం వేలు పెట్టింది. అట్ట తగిలింది.

"తర్వాత?"

"అంతే అత్తమ్మా. అయిపోయింది."

"ఇంటికి రాలే?"

నేను నవ్విన. "వచ్చినం గద, మీ ముందలనే ఉన్న."

"నువ్వు వచ్చినవ్ బిడ్డా. నేనింకా ఆడనే ఉన్న." ఆమె గూడ నవ్వుతనే అన్నది గాని, పుస్తకం మూసి నా చేతుల పెట్టింది. "కాశికి తోలుకపోయి ఆడ విడిచిపెట్టి వచ్చుడు పెద్దోళ్లకు చేసేటి పనే. నాకు ఇంకా అంత వయసు కాలే. దీన్ని పైన పెట్టు."

ఎక్కడ తప్పిన్నో అప్పుడు తెలిసింది. కాశికి పోయినోళ్లు తిరిగి గడప తొక్కితేనే యాత్ర పూర్తి అనుకునేటి కాలమది. నేను మంచి బొమ్మతోని ముగిద్దామని చూసిన, ఆమె మాత్రం నిజంగనే ప్రయాణం చేసింది. అంటిన ఫొటోలు ఊడదీస్తే చిరిగిపోతయి. పుస్తకం నాలుగు దినాలు అలమారల ఉండిపోయింది. ఆమె అటు దిక్కు చూడనే లేదు. నా మొక్కు నేనే సగం చెల్లించినట్టుండె.

సాహెబుకు మళ్ల కబురు పంపిన. రెండు ఆకులు కలపమని అడిగిన.

"వీపు పగులుతది అమ్మా. ఇగో చూడు" అని పుస్తకం ఒడిల పెట్టుకుని తెరిచిండు. దినమంత ఉర్దూ దఫ్తర్లు కట్టే చెయ్యి అది. అవి కుడి దిక్కు నుంచి మొదలైతయి. అలవాటు కొద్ది మా పుస్తకం గూడ అటు నుంచే తెరిచిండు. అట్టల మీద పేరు లేకపాయె, ఏది ముందో ఏది వెనుకో చెప్పేటిది ఏం లేదు. పెద్ద గంగ చూసి, "వాహ్" అని తిప్పుకుంట పోయిండు. కుట్టు గట్టిగున్నదో లేదో వేలితోని ఒత్తుకుంట, కాశి దాటి, ప్రయాగ దాటి, వంతెన దాటి, మా స్టేషన్ల దిగి, బండెక్కి, గడప కాడికి వచ్చిండు.

"మంచిగ ఇంటికి చేరిన్రు గద. ఈ పళ్లెం పట్టుకున్నది పెద్దమ్మగారేనా? ఎదురొచ్చి హారతి పడుతున్నరు. ఇంకా ఆకులెందుకు?"

నేను తలుపు సాటున ఉన్న సంగతి మరిచి అరుగు మీదికి వచ్చి ఆయన చేతులనుంచి పుస్తకం తీసుకున్న. ఆయన బిత్తరపోయిండు. "ఏమైందమ్మా, కుట్టు ఊడిందా?"

"లేదు సాహెబు. మీరు సల్లగుండాలె" అన్న. దేవుడు ఎవరి చేతుల నుంచి ఏది ఇస్తడో.

లోపలికి పోయి అత్తమ్మ ముందల కూసున్న. ముందు ఎడమ దిక్కు నుంచి గంగ దాక తోలుకపోయిన. ఆమె అయిష్టంగనే వచ్చింది. గంగ కాడ పుస్తకం మూయకుండ, "ఇగ లేవాలె అత్తమ్మా, రైలు టైమైంది. వచ్చిన తోవనే పోదాం" అని పుటలు వెనుకకు తిప్పుడు మొదలుపెట్టిన. విశ్వనాథునికి పోయొస్తమని చెప్పినం. వంతెన కాడికి వచ్చేసరికి ఆమె పుస్తకం నా చేతుల నుంచి తీసుకుని తనే తిప్పింది.

"సత్తుపిండి మూట పోయేటప్పుడెంతున్నదో వచ్చేటప్పుడు గూడ అంతే ఉన్నది. ఏం తినలేదా మీరు?"

"మామయ్య మళ్ల కొనుక్కున్నడు."

"గొడుగు ఇంకా మూసుకునే నిలబడ్డడు, పాపం. ఎవరన్న తెరవమని చెప్పకపాయిన్రు."

మొదటి పుట కాడికి వచ్చినంక గడపల తనను తాను చూసుకున్నది. పళ్లెం పట్టుకున్న చెయ్యిని వేలితోని తడిమింది. "పోయేటప్పుడు ఇట్లనే నిలబడ్డ, వచ్చేటప్పుడు ఇట్లనే నిలబడ్డ. నా చెయ్యి ఎంత నొచ్చి ఉంటదో" అన్నది. లేచి, మోకాళ్లు పట్టుకుంట పెరట్లకు పోయి కాళ్లు కడుక్కుని వచ్చింది.

మామయ్యను పిలిచింది. "మీరు కాశి నుంచి తెచ్చిన గంగ చెంబుల్ల ఇంకోటి మూత తియ్యకుండ ఉన్నది గద. ఆదివారం సమారాధన పెట్టాలె."

"మేము వచ్చిననాడే పెట్టినం గద."

"అది మీది. నేను ఇయ్యాల్నే వచ్చిన."

ఆదివారం పది విస్తర్లు అనుకున్నది ఇరవై రెండైనయి. సాహెబు ఇంటికి బూరెలు ముందే పంపిచ్చింది. వచ్చినోళ్లను ఒక్కొక్కరిని పక్కన కూసోబెట్టుకుని, కాశి దాక తోలుకపోయి, మళ్ల ఇంటికి తెచ్చి, అప్పుడు గాని విస్తరి కాడికి పోనియ్యలే. పప్పు రెండుసార్లు వెచ్చబెట్టిన. వడ్డిస్తుంటే నడిమింట్ల నుంచి ఆమె గొంతు వినపడుతుండె: "ఆగు ఆగు, దిగకు, ఇంకా మన స్టేషను రాలే."