ఖాళీల పట్టీలో కనపడని ఖాళీ

ఎనభైల నడుమ నేను చిత్తూరులో జిల్లా విద్యాధికారి ఆఫీసులో గుమాస్తాను. ఉపాధ్యాయ పోస్టుల ఫైళ్లన్నీ నా బల్ల మీదే ఉండేవి. ఒక శ్రావణమాసంలో ఆఫీసరు గారు నన్ను లోపలికి పిలిచి, హైదరాబాదు నుంచి వచ్చిన కాగితం చేతికిచ్చినారు. మారుమూల బళ్లలో అయ్యవార్లు ఎందుకు నిలవడం లేదో, ఏం చేస్తే నిలుస్తారో జిల్లా నుంచి ఒక నోటు పంపమని డైరెక్టరాఫీసు అడిగింది.

"రెండు పేజీలు దాటకూడదు. సంగతంతా మొదటి పేజీలోనే రావాల. రెండో పేజీ తిప్పే ఓపిక పైన ఎవరికీ ఉండదు," అన్నారాయన. "ఈడ కూర్చోని మాత్రం రాయొద్దు. నాలుగు బళ్లు చూసి రాపో."

బల్ల దగ్గరికొచ్చి ఖాళీల పట్టీ తీసినాను. చూస్తే మన జిల్లాకు ఏ లోటూ లేదనిపిస్తుంది. అడవి పల్లెల్లో కూడా చాలా పోస్టులకు ఎదురుగా ఎవరో ఒకరి పేరుంది. ఆ పేర్లలో సగం మంది చిత్తూరులోనో తిరుపతిలోనో పాఠాలు చెప్తున్నారని నాకు తెలుసు. పోస్టు కొండ పల్లెలో, మనిషి డెప్యుటేషన్ మీద పట్నంలో. పేరుంది కాబట్టి అది ఖాళీ కాదు. ఖాళీ కాదు కాబట్టి కొత్తగా ఎవరినీ వెయ్యరు.

అదే పట్టీలో మా ఆవిడ పేరుంది.

ఆమె పోస్టు పలమనేరు అవతల, అడవి అంచున ఒక పల్లెలో. మాకు పాప పుట్టినప్పుడు నేనే ఫైలు పెట్టి, 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని రాయించి, ఆమెను చిత్తూరు బడికి తెచ్చుకున్నాను. మూడేండ్లయింది. ఆ తదుపరి ఉత్తర్వులు రాకుండా చూసుకునేదీ నేనే.

మూడు బళ్లు చూసొచ్చినాను. నాలుగోది ఏది చూడాలో రెండు రోజులు తేల్చుకోలేకపోయినాను. చివరికి ఆ పల్లెకే పోయినాను.

పలమనేరులో బస్సు మారి, రోడ్డు మీద దిగి, నాలుగు మైళ్లు నడవాల. తోవలో ఒక రైతు తోడు దొరికినాడు. సగం దూరం పోయినాక ఆయన ఆగి నా చెయ్యి పట్టుకున్నాడు. దారికి అడ్డంగా ఏనుగు పేడ, ఇంకా ఆవిరి పోతా ఉండింది. పక్కన చేలో రాగి పైరు చాప పరిచినట్టు పడుండింది.

"మాట్లాడొద్దు సామీ. గాలి మన పక్కనుంచి వాటి దిక్కు పోతాండాది," అన్నాడు గుసగుసగా. "ఈ మూడు నాలుగేండ్లుగా తమిళదేశం కొండల్నుంచి దిగొస్తాండాయి."

ఇద్దరం అడుగుల చప్పుడు రాకుండా నడిచినాం. రేపు మా ఆవిడ ఈ తోవలో ఒంటరిగా నడవాల్సొస్తుందన్న తలపు నన్ను వదల్లేదు.

బడికి తాళం. రెండు పోస్టుల్లో ఒకటి ఎప్పటినుంచో ఖాళీ, రెండోది మా ఆవిడది. నా సంచి, తెల్లచొక్కా చూసి ఒక ముసలామె పరుగున వచ్చింది.

"అయ్యవారివా నాయనా? వచ్చినావా?"

నేను జవాబు చెప్పేలోపలే పిల్లోళ్లు పలకలు పట్టుకోని వచ్చి, వసారాలో వరసగా కూర్చున్నారు. పెద్ద పిల్లలకు కూడా గుణింతాలు రావు. నేను ఆఫీసు మనిషినని చెప్పలేక పొద్దు తిరిగేదాకా క, కా, కి, కీ చెప్పినాను.

లేచేటప్పుడు ముసలామె అడిగింది. "ఒక టీచరమ్మ పేరు మా బడి కాగితాల్లో ఉండాదంటనే. ఆ యమ్మ యాడుండాది నాయనా? బాగుండాదా?"

"నాకు తెలీదమ్మా," అన్నాను.

నోటు రాయడానికి కూర్చుంటే మా సూపరింటెండెంటు పక్కకొచ్చి, "డెప్యుటేషన్ల జోలికి పోవద్దప్పా. పెద్దోళ్ల కోడండ్లు, చెల్లెండ్లు ఉండారు. రేపు నిన్ను యాడికి తోస్తారో నీకే తెలీదు," అన్నాడు. ఆయన మంచికే చెప్పినాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకోని ఇంటికి పోయినాను.

ఇంట్లో మా ఆవిడకు అంతా చెప్పినాను, ముసలామె మాటతో సహా. పాప తల దువ్వుతున్న ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"రాస్తే నేను పోవాల్నా?"

"పోవాల."

"ఏనుగులున్నాయంటిరే."

"ఉండాయి."

పాప జుట్టుకు రిబ్బను కట్టింది. తర్వాత, "నాకు భయంగా ఉండాది. అట్లని ఆ ముసలామె మాట విన్నాక ఈడ ఉండలేను. రాయండి," అంది.

మొదటి పేజీలో నాలుగు సంగతులు రాసినాను. పట్టీలో పేరు చూసి కాదు, బడిలో నిలబడిన మనిషిని చూసి ఖాళీ లెక్కించాలని. డెప్యుటేషన్లు రద్దు చెయ్యాలని. ఆడటీచర్లను ఇద్దరిద్దరిగా వేసి, పల్లెలోనే ఉండేదానికి ఇల్లు చూపాలని. మారుమూల మూడేండ్లు చేసినవాళ్లకు తర్వాత కోరిన చోటు ఇవ్వాలని, ఆ మాట లేకపోతే అక్కడే మగ్గిపోతామని అందరూ తప్పించుకుంటారని. వెనక పేజీలో డెప్యుటేషన్ల పట్టీ.

ఆఫీసరు గారు పట్టీ మీద వేలు పెట్టి ఒక పేరు దగ్గర ఆగినారు. "ఈ యమ్మ మీ ఇంటామె గదా? ఈ వరస తీసేస్తావా? నేనేమీ అనుకోను."

 తీసెయ్యండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఉండనీండి సార్," అన్నాను. ఆయన సంతకం చేసినారు.

నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. డెప్యుటేషన్లన్నీ రద్దు. ఇద్దరిద్దరి సంగతి, ఇల్లు, మూడేండ్ల గడువు మాత్రం 'పరిశీలనలో ఉన్నవి'. సంతకంతో అయిపోయేది ఒక్కటే అయింది. పెద్దోళ్ల ఇంటోళ్లు కొందరు సెలవు పెట్టి తప్పించుకున్నారు. మా ఆవిడ పెట్టె సర్దుకుంది. పాపను మా అమ్మ దగ్గర వదిలి, ఆ ముసలామె ఇంట్లోనే చేరింది. తాను ఇన్నాళ్లు ఎందుకు రాలేదో ఆమెకు మొదటి రోజే చెప్పేసిందంట. ముసలామె, "ఇప్పుడొచ్చినావు గదమ్మా," అనిందంట.

ప్రతి శనివారం సాయంత్రం ఇంటికొచ్చే మా ఆవిడ కోసం బస్టాండులో నిలబడేవాణ్ణి. ఒక శనివారం ఆమె బస్సు దిగలేదు. తర్వాతి బస్సులోనూ రాలేదు. కబురు చెప్పేదానికి ఆ పల్లెలో ఫోను లేదు. ఆదివారం మొదటి బస్సెక్కినాను. ఆ నాలుగు మైళ్లు ఎట్ల నడిచినానో నాకు గుర్తులేదు. చెట్టు కొమ్మ విరిగిన ప్రతి చోటా ఆమె చీర రంగు కోసం వెతికినాను.

ఆమె ముసలామె వాకిట్లో కూర్చోనుంది. నన్ను చూసి లేవలేకపోయింది. ముందురోజు తోవ మధ్యలో ఏనుగుల మందను చూసి, సంచి వదిలేసి వెనక్కి పరుగెత్తిందంట. ఒళ్లంతా ముండ్ల గీతలు. నా చెయ్యి పట్టుకోని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంటికి పోదాం రా. సెలవు పెడుదువు," అన్నాను.

"పిల్లోళ్లు ఒత్తుల్లోకి వచ్చినారు. ఇప్పుడు వదిలితే మళ్లీ మొదటికొస్తాది," అంది. "నాకు తోడుగా ఇంకొకామెను వేయించండి. అది చేసిపెట్టండి చాలు."

మరుసటి రోజు నేను రెండో నోటు రాసినాను. ఈసారి ఒకే పేజీ. ఆ తోవ, ఆ మంద, ఆ ముండ్ల గీతలు ఉన్నవున్నట్టు రాసినాను. ఫైల్లో అట్లాంటివి రాయరు. ఆఫీసరు గారు ఒక్క అక్షరం కొట్టెయ్యకుండా తానే చేతపట్టుకోని హైదరాబాదు పోయినారు. జూన్‌లో బడి తెరిచే ముందర ఆ బడిలో ఖాళీగా ఉన్న పోస్టులో ఒకామెను వేసినారు. ఇద్దరూ కలిసి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఊరోళ్లు శనివారాలు ఏనుగులు దరికి రాకుండా తప్పెట కొట్టుకుంటా రోడ్డుదాకా సాగనంపేవాళ్లు.

మూడేండ్ల గడువు మాత్రం మా ఆవిడ అక్కడున్నన్నాళ్లూ పరిశీలనలోనే ఉండింది. ఆమె ఐదేండ్లు చేసింది. ఆ ఐదేండ్లూ శనివారం వస్తే మధ్యాహ్నానికే ఫైళ్లు కట్టేసి, బస్టాండుకు పోయి నిలబడేవాణ్ణి.