నల్లాలో చీమ

నాసిక్‌లో ఆ హౌసింగ్ సొసైటీది మూడంతస్తుల భవనం. అక్కడి కేర్‌టేకర్ మందాకిని ధుమాళ్‌కి కోపం ఎక్కువని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లలో ఒక్కడూ ఏనాడూ డ్రైనేజీ మూత ఎత్తినవాడు కాదు.

ఫిర్యాదుల పుస్తకంలో ఎవరు ఎంత గట్టిగా అరిచారో ఆమె చూడదు. రెండే ప్రశ్నలు వేసుకుంటుంది. ఇది రేపటిదాకా ఆగితే మనిషికి దెబ్బ తగులుతుందా? నేను చెయ్యి పెట్టి తప్పు చేస్తే నాతో పాటు ఇంకెవరైనా పోతారా? మొదటిదానికి అవునంటే అది ఇవాళే. రెండోదానికి అవునంటే కాంట్రాక్టర్‌కి ఫోన్. నల్లా వాషరు, తలుపు బందు, బాత్రూం జాలీ లాంటివన్నీ తనే చూసుకుంటుంది.

గణపతి పండగ నాలుగోరోజు, బుధవారం సాయంత్రం, పుస్తకం తిరగేస్తుంటే ఆదివారం రాసిన వరస కనిపించింది. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే అవ్వ, ఇందుతాయి ఆజీ రాత. 'నల్లా ముట్టుకుంటే చీమ కుట్టినట్టుంది. తీరికైతే చూడగలరు.' పక్కనే ఛైర్మన్ పటవర్ధన్ ఎర్రసిరాతో 'పండగ తర్వాత' అని రాసి దాన్ని కొట్టేశాడు. దాని మీద 'నా వంటింటి నల్లా కారుతోంది, అర్జెంట్' అని రాశాడు.

మందాకిని ఒళ్లు మండింది. సగం మంట తన మీదే. సోమవారం ఆ వరస చదివి, ముసలామె నరాల జబ్బేమోలే అనుకున్నది తనే.

టెస్టరు తీసుకుని పరిగెత్తింది. ఆజీ గిన్నెలు ముందేసుకుని నల్లా వైపు చెయ్యి చాపుతోంది.

"ఆజీ, ముట్టుకోకు! చెయ్యి తియ్యి!"

"అరుస్తావేమే, చీమేగా."

టెస్టరు ఆనించగానే వెలిగింది. మందాకిని ఆ ఇంటి మెయిన్ ఆపింది. అయినా వెలుగుతూనే ఉంది. అంటే కరెంటు ఈ ఇంట్లోది కాదు, పైపు వెంట బయటి నుంచి వస్తోంది.

"ఎవరూ నల్లా ముట్టుకోవద్దు!" అని మెట్ల మీద నిలబడి మూడంతస్తులకీ వినపడేలా అరిచి, మీటరు గదిలోకి దూరింది.

అక్కడ అసలు సంగతి కనిపించింది. కరెంటు దారి తప్పిన మరుక్షణం సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీని వదిలేసి, దాని ముందు నుంచే గణపతి పందిరికి తీగ లాగారు. పండగ లైట్లు పెట్టినప్పుడల్లా అది ట్రిప్పై పడిపోతోందట, అందుకని. కాపలా కుక్క మాటిమాటికీ మొరుగుతోందని దాని నోరు కట్టేసి పడుకున్నట్టు. మెట్ల దీపాలకీ పందిరికీ ఉన్న మెయిన్ స్విచ్ ఆమె దించింది. మళ్లీ వెళ్లి టెస్టరు పెట్టింది. వెలగలేదు. స్విచ్‌కి తాళం వేసి చెవి కొంగుకి ముడేసుకుంది. ఎలక్ట్రీషియన్ యూనుస్ తాంబోళికి ఫోన్ చేసింది. గంట పడుతుందన్నాడు.

పందిరి ఆరిపోగానే పటవర్ధన్ దిగాడు, పట్టుపంచెలో.

"ఏడింటికి ఆరతి. ఎవరిని అడిగి ఆపావు?"

"ఆజీ నల్లాలో కరెంటొస్తోంది సాహెబ్. మీ తీగ వల్లే."

"చిన్న టేపు చుట్టు. పదేళ్లుగా ఫ్యూజులు వేస్తున్నావుగా!"

"తీగ తెగింది కంటికి కనిపిస్తే టేపు. ఇది ఎక్కడ కరుస్తోందో నాకే తెలీదు. తెలీని చోట నేను చెయ్యి పెట్టను."

"నీ చెయ్యి సంగతి ఎవరడిగారు? తాళం చెవి ఇవ్వు. లేదా నువ్వుంటున్న మెట్ల కింద గది రేపే ఖాళీ చెయ్యి."

మందాకిని కొంగు ముడి ఇంకాస్త బిగించింది. "గది తీసుకోండి. చెవి మాత్రం యూనుస్‌భాయ్ చేతికే. లేదూ, ముందు మీరు వెళ్లి ఆ నల్లా పట్టుకుని నిలబడండి, అప్పుడు స్విచ్ ఎత్తుతా. భక్తిగా పట్టుకోండి."

మెట్ల మీద ఎవరో ఫక్కున నవ్వారు. పటవర్ధన్ నల్లా వైపు ఒక్క అడుగూ వెయ్యలేదు. దేవుడికి చీకట్లో ఆరతి అపచారమన్నాడు. మనిషిని చంపితే కాదు కాబోలు.

"నూనె దీపాలున్నాయి కదరా, పెట్టండి" అంది ఆజీ గుమ్మంలో నిలబడి.

ఏడింటికి నూనె దీపాలతోనే ఆరతి అయ్యింది. చివరి పాటలో యూనుస్ వచ్చి, టార్చి వేసుకుని తీగ వెంట నడిచాడు. గేటు దగ్గర ఆగాడు. పందిరికి స్వాగతం చెబుతూ ఛైర్మన్ పేరు మెరిసే బోర్డు అక్కడుంది. దాని ఇనుప చట్రాన్ని నీళ్ల పైపుకి కట్టారు. చట్రం కింద తీగ నలిగి రాగి బయటపడింది.

"ఇది ఎవరు కట్టారు తాయీ?"

"సేవ చేసినవారు," అంది మందాకిని, పటవర్ధన్ వైపు చూడకుండానే.

యూనుస్ మందాకిని దగ్గర చెవి తీసుకుని, పందిరి తీగని ఈఎల్‌సీబీ తర్వాత కలిపాడు. బోర్డు తగిలించగానే అది టక్కున పడిపోయింది. బోర్డు తీసేస్తే నిలిచింది. పందిరంతా వెలిగింది, ఛైర్మన్ పేరు తప్ప. గది ఖాళీ సంగతి ఆ పూట ఇంకెవరూ ఎత్తలేదు.

మర్నాడు పుస్తకంలో ఎర్రసిరా వరస ఒకటి ఉంది: 'గేటు బోర్డు వెలగడం లేదు. అర్జెంట్.'

మందాకిని ఆ 'అర్జెంట్' కొట్టేసింది. అన్నిటికన్నా పైన 'పైపులకి ఎర్తింగు పరీక్ష, యూనుస్, ఇవాళే' అని రాసింది. రెండో వరసలో 'ఆజీ నల్లా మళ్లీ చూడాలి'. ఛైర్మన్ వంటింటి నల్లా ఐదోది. దానికి వాషరు చాలు, శుక్రవారం తనే వేస్తుంది. బోర్డుని పేజీ అడుగున రాసింది. ఎప్పుడు చేయాలో రాసే గడి ఖాళీగా వదిలేసింది.