పద్నాలుగు బారలు

సముద్రం లోతులు చూపించే ఆ చార్టు నాకు యానాంలో పాత ఇనుప సామాను కొట్లో దొరికింది. మడతల దగ్గర చిరిగి, మూలల్లో తుప్పు మరకలతో ఉండేది. అప్పటికి నేను కాకినాడలో వల ఈడ్చే ఒక ట్రాలు బోటుకి డ్రైవర్ని. ఐటీఐ చదివినవాణ్ణి. బోటులో అందరికంటే నాకే ఎక్కువ తెలుసని అనుకునేవాణ్ణి, ఆ సంగతి వాళ్ళకి కూడా తెలిసేలా నడుచుకునేవాణ్ణి.

మా బోటులో ఒక పెద్దాయన ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా నేను ఆయన్ని మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి, పైకి లాగుతూ చేతులు రెండూ చాపి కొలిచి, ఇన్ని బారలని చెప్పేవాడు. లోతు చూపించే మిషను వచ్చాక కూడా ఆ తాడు మానలేదు.

తీరానికి ఎదురుగా ఎక్కడో మునిగిన ఓడ ఒకటుంది. దాని మీద వల పడితే ఇక రాదు. చార్టులో దాని గుర్తు పక్కన 14 అని ఉంది. పాత చార్టులో చూపిన చోటు జీపీఎస్‌తో సరిగ్గా కలవదు కాబట్టి, లోతును బట్టే దాన్ని తప్పించుకోవాలి.

"మా నాన్న చెప్పేవాడు, అది పద్నాలుగు బారల నీళ్ళలో ఉందని," అన్నాడాయన.

"చార్టులోనూ పద్నాలుగే మావా. కాకపోతే బారలు కాదు, మీటర్లు."

"మీటరేంటి అల్లుడూ! నీ మీటరు నా బారలో సగం దాటి కాస్త వస్తాది, అంతే. పద్నాలుగు బారలు పద్నాలుగు మీటర్లెలా అవుతాయి?"

"మీ నాన్న దగ్గర మిషనుందా?" అన్నాను. మిగతావాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

నేను ఊరికే అనలేదు. ఒడ్డు దగ్గరి లోతుల్లో నాలుగు పక్కన కిందుగా చిన్న మూడు ఉంది. నాలుగు పాయింటు మూడు మీటర్లని చదువుకున్నాను. కొత్త చార్టుల్లో అలాగే రాస్తారు. చార్టు పేరు కింద, కొలత ఏదో రాసి ఉండే చోటు మడతలో అంటుకుపోయింది. విప్పి చూడాలనిపించలేదు.

పద్నాలుగు మీటర్లకు దూరంగా, మిషను పాతికా ఇరవయ్యారూ చూపించే చోట వల దించాను. గంట తిరక్కుండానే బోటు ఆగిపోయినట్టయింది. ఇంజను మూలిగింది. వల లాగే వించి మీద తాడు బిగుసుకుని తెగింది. వల కింద ఉండిపోయింది.

జెట్టీ మీద బోటు ఓనరుగారు నిలబడి ఉన్నారు. "ఆ ఓడ లోతు ఎంతని చెప్పారు మీకు?" అనడిగారు.

"పద్నాలుగన్నాడండి పెద్దాయన," అన్నాను.

అది అబద్ధం కాదు. బారలన్న మాట ఒక్కటే మింగేశాను. మావ నా వైపు చూశాడు. ఓనరుగారు, "ముసలాడి లెక్కలు నమ్మి వల పోగొట్టారు. రేపట్నుంచి ఇతన్ని ఎక్కించుకోకండి," అన్నారు. నేను తాడు చుట్టుకుంటూ ఉండిపోయాను.

ఇంటికెళ్ళి చార్టు మడత తడిపి విప్పాను. లోతులు ఫాదమ్‌లలో అని ఉంది. ఫాదమ్ అంటే ఆరడుగులు, అంటే ఒక మీటరూ ఎనభై మూడు సెంటీమీటర్లూ. దాదాపు ఒక బార. ఆ చిన్న అంకెలు పాయింట్లు కావు, అడుగులు. నాలుగు ఫాదమ్‌ల మూడడుగులు. చార్టంతా వెతికాను, చిన్న అంకె ఎక్కడా ఐదు దాటలేదు. ఆరైతే ఇంకో ఫాదమ్ అవుతుంది కదా. ఇంత కళ్ళ ముందున్నది చూడలేదు. పద్నాలుగును ఒకటి పాయింటు ఎనిమిది మూడుతో గుణించాను. పాతికన్నర మీటర్ల పైన వచ్చింది. వల దించింది సరిగ్గా అక్కడే.

మర్నాడు చెప్పలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. అలా నాలుగేళ్ళు వాయిదా వేశాను. ఆయన్ని వేరే బోట్లవాళ్ళూ ఎక్కించుకోలేదు.

మొన్న ఆయన ఇంటికెళ్ళాను. వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తున్నాడు. చార్టు పరిచి, ఫాదమ్ సంగతీ, జెట్టీ మీద నేను మింగిన మాటా, అంతా చెప్పాను. ఆయన చార్టు వైపు చూడనే లేదు. కుడి చేయి భుజం దాటి లేవడం లేదు, ఎడమ చేత్తోనే చేపలు సర్దుతున్నాడు.

"ఓనరుగారికి ఈరోజే చెప్తాను మావా," అన్నాను.

"ఇప్పుడు బార చాపడానికి నాకు చెయ్యేది?" అన్నాడు. ఇంకో చేప తిరగేసి, "కాస్త పక్కకి జరగండి. చేపల మీద నీడ పడతాంది," అన్నాడు.

అల్లుడూ అనే మనిషి నన్ను జరగండి అన్నాడు. జరిగాను.