రెండుసార్లు కట్టిన ఇంటి పన్ను

మా వీధిలో ఆన్‌లైన్‌లో ఏం కట్టాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. రిటైరైన మాస్టారిని, చేతిలో పెద్ద ఫోను, పైగా ఎవరైనా అడిగితే పొంగిపోయే గుణం. ఆ మార్చి ఆఖరు రోజు వెనక సందులో చేపలమ్మే ఆమె ఇంటి పన్ను డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది. ఆ రోజుతో బకాయి మీద వడ్డీ రాయితీ ఆఖరు. పాత బకాయితో కలిపి నాలుగు వేల చిల్లర.

రాష్ట్రమంతా అదే గంటలో కడుతోందేమో, స్క్రీన్ తిరుగుతూనే ఉంది. నా ఖాతాలో డబ్బు కట్ అయింది, రశీదు రాలేదు. కాస్త ఆగితే తేలిపోయేది. నాకు ఆగడం ఎక్కడ తెలుసు? మా ఆవిడ కార్డు తెప్పించి మళ్ళీ కట్టాను, వెంటనే రశీదు వచ్చింది. మొదటిది వెనక్కి వస్తుందనీ, అంతవరకూ రెండోసారి డబ్బు సర్దమనీ ఆమెతో చెప్పాను. నెలనెలా పింఛను వచ్చే నేను, ఏ రోజు చేపలు ఆ రోజు కొనుక్కునే ఆమెను అలా అడిగాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆమె మర్నాడే తెచ్చి ఇచ్చింది.

రెండు రోజులకి మొదటిదానికీ రశీదు వచ్చింది. అంటే రెండూ మున్సిపాలిటీకి చేరాయి. ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. ఎక్కువైనదాన్ని వచ్చే అర్ధ సంవత్సరం పన్నులో సర్దుకోవచ్చు, లేదా వాపసు అడగొచ్చు అన్నాడు గుమాస్తా. వేసవిలో సముద్రంలో చేపల వేట మీద పెట్టే నిషేధం ఎత్తేసేలోపు డబ్బు చేతికొస్తే కాకినాడ నుంచి సరుకు తెచ్చుకుంటానంది ఆమె. వాపసుకే అర్జీ రాసి, అసెస్‌మెంట్ నంబరు వేసి, రెండు రశీదులు, రెండు ఖాతాల బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేశాను. తనిఖీ చేసి, కట్టిన ఖాతాకే పంపుతామన్నారు.

అప్పటినుంచి రోజూ నా ఖాతా చూసేవాణ్ణి. మొదట కట్టిందే ఎక్కువైందని నా లెక్క. మధ్యలో ఒకసారి మా ఆవిడ, "ఏవండీ, నా ఖాతాలో ఏదో పడిందని మెసేజ్ వచ్చింది" అంది. వడ్డీ అయి ఉంటుందిలే అని పేపరు తిప్పాను. ఆవిడ చెప్పేది పూర్తిగా వినే అలవాటు నాకు ఎప్పుడూ లేదు.

జూన్ సగమైంది, నిషేధం తీరి బోట్లు సముద్రంలోకి వెళ్ళాయి. ఆమె వడ్డీకి తెచ్చి సరుకు కొంటోందని మా ఆవిడే చెప్పింది. నాకు రోషం వచ్చింది. ఆమెను తీసుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి, కౌంటరు ముందు అందరూ వినేలా ఆ గుమాస్తాను పట్టుకుని దులిపేశాను. పేదవాళ్ళ డబ్బంటే మీకు పట్టదన్నాను. నా గొంతు నాకే బాగా వినిపించింది.

అతను కంప్యూటరు తెర నా వైపు తిప్పాడు.

"సార్, మొదట కట్టింది పన్నుకి జమ వేసుకున్నామండి. రెండోది ఎక్కువ కింద చూపించి, దేంతో కట్టారో ఆ కార్డుకే పంపేశాం. మే నెలలోనే పడింది. ఇదిగోండి రిఫరెన్సు నంబరు."

నాకు తెలిసిపోయింది. మా ఆవిడ మెసేజ్ కళ్ళముందు నిలిచింది. ఆ క్షణాన "పొరపాటు నాదే" అంటే సరిపోయేది. అనలేదు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళు. ఆ కార్డు ఎవరిదో బ్యాంకులో కనుక్కుంటానని గొణిగి బయటికి వచ్చేశాను. అతనికి క్షమాపణ కూడా చెప్పలేదు.

ఆమె మెట్ల దగ్గర కలిసింది. నా మొహం చూడకుండా, బుట్ట సర్దుకుంటూ చెప్పింది.

"కనుక్కోడం ఎందుకండీ మాస్టారూ. అమ్మగారి కార్డే కదండీ. ఆ రోజు లోపలినించి తెచ్చి మీ చేతికిచ్చింది నేనేనండి."

సాయంత్రమే డబ్బు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె కట్టిన వడ్డీ కూడా ఇవ్వబోతే తీసుకోలేదు, మీరేం కావాలని చేశారా అంది. తిట్టినా తేలిగ్గా ఉండేది. గుమాస్తా దగ్గరికి మర్నాడు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. విన్నవాళ్ళెవరూ ఆ పూట అక్కడ లేరు.

ఆమె ఇప్పటికీ మా ఇంటికి చేపలు తెస్తుంది, ముందు మా గుమ్మంలోనే బుట్ట దించుతుంది. మొన్న మార్చిలో పన్ను సంగతి నేనే అడిగాను, ఫోను చేతిలో పట్టుకుని.

"పొద్దున్నే వెళ్ళి లైన్లో నించుని కట్టేశానండి," అంది. "మీకెందుకండీ శ్రమ."