పండుగకు అందని బట్టలు, నేను రాసిన కార్డులు

నాకు అనుమానం ఎక్కువ. ఇంట్ల చెంచా కనవడకపోయినా దొంగ పడ్డడంటవే అని మా అవ్వ తిట్టేది. బెల్లంపల్లిల మా ఇంటాయన దర్జీ దుకాణం పెట్టినంక అది ఇంకింత ముదిరింది. ముదరక ఏమైతది? మాకంటె ముందు ఆ గదిల ఉన్న దర్జీ, మిషన్ ఖరాబైందని నెలరోజులు అందరిని తిప్పిచ్చుకొని, వాళ్ల గుడ్డలన్నీ మూట కట్టుకొని ఎటో పోయిండట. మేం దిగిన దినం నుంచే జనం మా దిక్కు అదే చూపు చూసేది.

ఆ ఏడు దసరాకు బొగ్గుబాయి పనోళ్లు ఎగబడి గుడ్డలిచ్చిన్రు. మా ఇంటాయన ఎవరినీ వద్దనలే. పండుగ ఇంక ఐదు దినాలున్నదనంగ చూస్తే సగం మూటలు విప్పనే లేదు. పైంగ దారం తెస్తనని మంచిర్యాలకు ఒకనాడు, ఆసిఫాబాద్‌కు ఒకనాడు పోయేది. దారం కోసం గంత దూరమా? పేకాటనో, ఇంకేదో అని అనుమానపడేది.

నేను నాలుగు తరగతులు చదివిన, ఆయనకు అక్షరం రాదు. అందుకని గిరాకీలకు కార్డులు రాయమన్నడు. మిషన్ ఖరాబైందని రాయాల్నట. నాకు ఒళ్లు మండింది. పాతోడి మాటనే మళ్ల రాస్తే నమ్మెటోళ్లు ఎవరు? అందరు ఒక్కసారే వచ్చి గుడ్డలు గుంజుకపోతే దుకాణం మూసుకొని కరీంనగర్ల మా అన్న ఇంట్ల పడుడే. గా ముచ్చట ఆయన మొహం మీదనే అన్న. గుడ్డలన్నీ ఉన్నయో లేవో చూడనిది ఒక్క అక్షరం రాయనన్న. నా మీద నమ్మకం లేదా అన్నడు. లేదన్న.

మా దగ్గర ఒక పద్ధతుండె. కొలతల పుస్తకంల పేరు నేను రాసేది, పక్కన ఆ గుడ్డ ముక్క గుండుసూదితో గుచ్చేది. ఆయనకు అంకెలొస్తయి గని పేర్లు చదవరావు. ముక్కను చూసే ఏ పేజీ ఎవరిదో పోల్చుకునేది. నేను ఒక్కొక్క మూట విప్పి ముక్కతో కలుపుకుంట పోయిన. అన్నీ సరిపోయినయి. అడుగున ఒక్కటి మిగిలింది. నీలి చారల గుడ్డ. బాయిల పనిచేసే ఒక భారీ మనిషి కమీజుకిచ్చింది. విప్పితే, పదేండ్ల పిల్లగానికి సరిపోయే ముక్కలు.

సంగతి తెలిసిపోయింది. ఇంకొకాయన తన కొడుకు కోసం అదే బట్టల దుకాణంల అదే తానుల గుడ్డ కొనిచ్చిండు. రెండు పేజీల మీద ఒకటే ముక్క. మా ఇంటాయన పిల్లగాని పేజీ చూసి పెద్దమనిషి గుడ్డ కోసిండు. తప్పు తెలిసినంక మూటల అడుగున దాచిపెట్టిండు. ఊర్లు తిరిగింది దారం కోసం కాదు, గసొంటి గుడ్డ కోసం. యాడ దొరకలే. పని అందుకే వెనకవడ్డది. ఆయన తల వంచుకొని కూసున్నడు గని తప్పైందని నాతోని అనలే.

నేనే రాసిన. "పండుగకు మీ బట్టలు ఇయ్యలేకపోతున్నం. మా చేతనైనదానికంటె ఎక్కువ ఒప్పుకున్నం, తప్పు మాదే. మీ గుడ్డ భద్రంగ ఉన్నది, వచ్చి పుస్తకంల గుచ్చిన మీ ముక్కతో కలిపి చూసుకోండ్రి. పండుగైన ఎనిమిదో దినానికి కుట్టి ఇస్తం, కూలి సగమే తీసుకుంటం. ఆగలేకుంటే గుడ్డ, బయానా ఇప్పుడే వాపస్ తీసుకపోవచ్చు." ఆ భారీ మనిషి కార్డుల భద్రంగ ఉన్నదన్న మాట రాయలే. తప్పు కొలతకు కోసినం, మీకు నచ్చిన గుడ్డ మేం కొనిచ్చి కూలి లేకుండ కుట్టిస్తం అని రాసిన.

కార్డులు అందినంక జనం రానే వచ్చిన్రు. ముక్కను గుడ్డకు ఆనిచ్చి, వెలుతుర్ల పట్టుకొని, మా మొహాలు చూసుకుంట పరీక్ష చేసిన్రు. కొందరు తీసుకపోయిన్రు. చానమంది ఉంచిన్రు.

ఆఖరికి ఆ భారీ మనిషి వచ్చిండు. షిఫ్టు దిగి అటే వచ్చినట్టున్నడు, కనురెప్పల మీద బొగ్గు పోలే. ఆయనకు చదువు రాదు. కార్డు చదివినోడు తమాషా చేసిండేమో అని అనుమానమట. నన్ను చదవమన్నడు. చదివిన. ఇంకొకసారి అన్నడు. మళ్ల చదివిన.

"రాసింది నువ్వు చెల్లె. కత్తెర పట్టినోన్ని చెప్పనీ," అన్నడు.

మా ఇంటాయన మిషన్ కాడికెల్లి లేచి నిలవడ్డడు.

"పేజీ తప్పి నేనే కోసిన అన్నా. పది దినాలు దాచిన. మా ఇంటిదానికి కూడ అబద్ధం చెప్పిన."

ఆ మనిషి గుడ్డ తనే ఎంచుకుంటనని చెప్పి, కమీజు విప్పి, మళ్ల కొలత తీసుకొమ్మని చేతులు చాపిండు. మా ఇంటాయన టేపు పట్టుకొని అంకెలు చెప్తుంటే నేను రాయాలె. రాయలేకపోయిన. కండ్లల్ల నీళ్లకు పుస్తకం కనవడలే. ఊరందరికి తప్పైందని రాసిన గని, ఆ మాట ఆయన నాకు కూడ చెప్పాలని నేను ఎంత ఎదురుచూసిన్నో అప్పటిదాకా నాకే తెల్వలే.