నాలుక కింద పిండిన చుక్కలు

ఆ రోజు తప్పు చేసింది నేను. సిస్టర్ కాదు, రోగమూ కాదు.

తొంభైల చివర్లో అమలాపురంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో డాక్టరుగా పనిచేసేవాణ్ణి. రాజోలు వైపు నుంచి వచ్చిన రిటైర్డు టీచరుగారు ఒకావిడ న్యుమోనియాతో చేరారు. కుడి ఊపిరితిత్తి కింది భాగం చీముతో గట్టిపడింది. అయినా ఆక్సిజన్ మాస్కుతో వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు తొంభై మూడు శాతం చూపిస్తోంది. ఉదయం రౌండ్సులో బీపీ నూట తొంభై ఉంది. అప్పట్లో మా అందరి అలవాటు ఒకటే: రక్తనాళాల్ని సడలించి బీపీ దించే నిఫెడిపిన్ క్యాప్సూల్‌ని సూదితో పొడిచి నాలుక కింద పిండటం.

సూది పట్టుకున్న సిస్టర్ ఆగింది. "ఆయాసానికి పెరిగిందేమోనండీ. కాసేపు చూద్దామాండీ?"

"స్ట్రోకొస్తే నువ్వు చూస్తావా?" అని సూది నేనే లాక్కున్నాను.

అరగంటలో బీపీ దిగింది. మీటరూ ఎనభై రెండుకి దిగింది. ఆక్సిజన్ పెంచినా పెద్దగా కదల్లేదు. టీచరుగారి పెదవులు నల్లబడ్డాయి.

అప్పుడు తట్టింది. ఒంట్లో మిగతాచోట్ల ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు విప్పారతాయి. ఊపిరితిత్తిలో మాత్రం ముడుచుకుంటాయి. గాలి అందని భాగానికి రక్తం పంపి లాభం లేదని, దాన్ని గాలి ఉన్న భాగాలకు మళ్లిస్తాయి. ఆవిణ్ణి అంతవరకూ కాపాడింది ఆ ముడుచుకోవడమే. నా చుక్కలు దాన్ని సడలించాయి. రక్తం చీము నిండిన భాగంలోంచి ఆక్సిజన్ లేకుండానే తిరిగొస్తోంది.

పైగా నొప్పి తగ్గుతుందని ఆవిడ కుడివైపే ఒత్తిగిలి ఉన్నారు. ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడి చాలా తక్కువ. బరువుకి రక్తం కిందికే, అంటే చీము పట్టిన వైపుకే జారుతుంది.

"ఎడమవైపు తిప్పండి," అన్నాను.

"నొప్పెడతాదండీ, తిరగను!" అని ఆ స్థితిలోనూ గదమాయించారు టీచరుగారు. సిస్టర్ బతిమాలి తిప్పింది. మీటరు మెల్లగా ఎక్కింది. మందు ప్రభావం దిగేసరికి మధ్యాహ్నమైంది. ఆవిడ బతికారు.

నర్సింగ్ హోమ్ యజమాని పెద్ద డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. "గండం గడిచింది కదండీ. రోగం ముదిరిందని చెప్పేసి ఊరుకోండి."

"ముదిరింది నా మొండితనమండీ. అదే చెప్తాను."

"రేపు పేషెంట్లు రారండీ!"

"రాకపోతే మాననివ్వండి."

మంచం పక్కన కూర్చుని టీచరుగారికి అంతా చెప్పాను. "ఒప్పుకోడానికి ఇంతసేపా? మా క్లాసులో అయితే బెంచీ ఎక్కించేదాన్ని," అన్నారు.

"ఎక్కమంటారాండీ?"

"నవ్వించకండి, దగ్గొస్తాది."

తర్వాత కేసు షీటులో జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. అందరి ముందూ సిస్టర్‌కి క్షమాపణ చెప్పాను. ట్రేలోంచి క్యాప్సూళ్లు తీసేసి, "సిస్టర్ సందేహిస్తే డాక్టరు ఆగాలి" అని రాసి గోడకు అంటించాను. పెద్ద డాక్టరుగారు దాన్ని చింపేశారు. మర్నాడు మళ్లీ రాసి అంటించాను, ఈసారి నా పేరుతో.