నవమి పందిరికి మూడు దారులు

పోలీసు చర్య తర్వాత వచ్చిన మొదటి శ్రీరామనవమికి ఆలేరులో పెద్ద పందిరి వేశారు. దీపాల పని నాకు అప్పగించారు. నేను జిన్నింగు మిల్లులో ఫిట్టరును. పత్తి మధ్య బతికేవాడికి దేవుడికంటే నిప్పంటేనే ఎక్కువ భయం. ఆ భయమే నా అర్హత.

మొదటి పేచీ దారుల దగ్గర వచ్చింది. కమిటీ పెద్ద, పత్తి బేరాలు కుదిర్చే అడ్తి సావుకారు. ఆయన పందిరి చుట్టూ తడికలు బిగించి ఒక్క దారి వదిలాడు. రజాకార్ల కాలంలో మేమంతా అట్లాగే బతికాం. ఇంటికి ఒక్క తలుపు, దానికి ఒక కాపలా. రజాకార్లు పోయారు గానీ తడికలు పోలేదు.

"తాటాకు పందిరి, ఊరంత జనం. నిప్పంటుకుంటే అందరు గీ ఒక్క దారి నుంచి ఎట్ల ఎల్తరు, సావుకారు?" అన్నాను.

"దేవుని పెండ్లికాడ నిప్పు మాటేందిర? జర మంచిమాట పలుకు."

"పెండ్లిల హోమం ఉన్నది గద."

ఆయన ఇంకో రెండు దారులు ఇచ్చాడు, సొంత చెలక రాసిచ్చినంత బాధతో. ఒకటి ఆడవాళ్ల వైపు, ఒకటి దేవుడి గద్దె పక్కన. రెండింటికీ బయటికి తెరుచుకునే తడిక తలుపులు కట్టాం.

మిల్లు డైనమో నుంచి కరెంటు తీగ లాగాను. ఆకులకు తగలకుండా పింగాణీ గుబ్బల మీద నడిపి, అతుకులకు టేపు చుట్టి, మెయిన్ స్విచ్చి బయట గుంజకు బిగించాను. పెట్రోమాక్సులు దారుల బయట, గుంజలకు. లోపల కరెంటు పోయినా బయటికి తోవ కనబడాలి. కిరసనాయిలు పోసేది దూరంగా, అదీ దీపం చల్లారాకే. దేవుడి ప్రమిదలు ఇసుక పళ్లెంలో, గద్దె వెనక కట్టిన తెరకు ఎడంగా. నూనె మంటకు ఇసుక బకెట్లు. ఆకు మంటకు మిల్లు నుంచి తెచ్చిన ఎర్ర సిలిండర్లు రెండు. తలకిందులు చేసి నేలకు గుద్దితే నీళ్లు చిమ్ముతాయి. కరెంటు తీసేయకుండా వాటిని ముట్టొద్దని నాకు సాయం వచ్చిన మిల్లు దోస్తుకు పదిసార్లు చెప్పాను.

పండుగ ముందురోజు జనాన్ని కూచోబెట్టి ఒకసారి పరీక్ష పెట్టాను. డప్పు మోగితే అందరూ లేచి దగ్గరి దారిలో వెళ్లాలని చెప్పాను. డప్పు మోగింది. మగవాళ్లు బయటికి ఉరికి రాళ్లు ఏరుకున్నారు. ఆడవాళ్లు తడిక తలుపు లోపలి నుంచి తాడుతో కట్టేశారు. దాని వెనక మా అమ్మ, పెండ్లి పసుపు దంచిన రోకలి పట్టుకుని నిలబడింది.

నాకు నవ్వు రాలేదు. ఆ కాలంలో డప్పు మోగిందంటే రజాకార్లు వస్తున్నారని. నేను ఊళ్లో లేని రోజు మా చెల్లెళ్లను అమ్మ అట్లా తలుపు మూసే బతికించుకుంది. ఆ చేతులకు ఇప్పుడు తలుపు తెరవమని ఎట్లా చెప్పాలి?

చివరికి డప్పు మానేసి పిలుపు మార్చాను. "వడ్డిస్తున్నరు!" అని అరవాలి. భోజనాల బంతులు సాగేది పందిరి వెనక బయలు జాగాలో. ఈసారి పందిరి చక్కగా ఖాళీ అయింది. అందరికంటే ముందు సావుకారు వచ్చాడు.

నవమినాడు మధ్యాహ్నం కల్యాణం బాగా జరిగింది. పొద్దుగూకే వేళ భజన మొదలైంది. నేను డైనమో చూసి వచ్చేసరికి పందిరి నడుమ, తాటాకుల కింద సావుకారు సొంత పెట్రోమాక్సు వేలాడుతోంది.

"రాముని మొహం కనబడ్తలేదు," అన్నాడాయన.

రాముడి మొహంతో పాటు పైన ఆకులోంచి పొగ కూడా కనబడింది. "వడ్డిస్తున్నరు!" అని గొంతు చించుకున్నాను. జనం మూడు దారుల్లో, తోపులాట లేకుండా, విస్తరాకుల మీద ధ్యాసతో వెళ్లిపోయారు. దోస్తు మెయిన్ ఆపాడు. ఇద్దరం తాడు వదులు చేసి దీపాన్ని దించి బయట పెట్టాం. సిలిండరు అందుకోబోతూ లోపలికి చూశాను.

ఆడవాళ్ల వైపు ఒక్క మనిషి, బాసింపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని భజన చేస్తోంది. మా అమ్మ.

సిలిండరు దోస్తుకు వదిలేసి ఉరికాను. ఆకు నిప్పురవ్వలు రాలుస్తోంది.

"అమ్మా, లే. వడ్డిస్తున్నరు."

"నాకియ్యాల ఒక్కపొద్దు గద బిడ్డా. మధ్యాహ్నమే తిన్న. నువ్వు పోయి తిను."

ఊరందరి ఆకలి లెక్కగట్టిన నాకు కన్నతల్లి ఒక్కపొద్దు గుర్తు లేదు.

"అమ్మా, పందిరి అంటుకున్నది."

ఆమె పైకి చూసింది. "గట్ల చెప్పరాదు మరి," అని లేచింది.

వెనక నీళ్లు చిమ్మిన చప్పుడు, పొగ కలిసిన ఆవిరి. ఆడవాళ్ల దారిలోంచి బయటపడ్డాం. బయటికి రాగానే అమ్మ వెనక్కి తిరిగి తడిక తలుపు మూయబోయింది. లోపల దాచాల్సిన ఆడపిల్లలెవరూ లేరని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ చెయ్యి పట్టుకున్నాను. మంట ఆరిందని దోస్తు వచ్చి చెప్పినా వదలలేదు.